క్లయింట్‌ను గడువు పెంచమని అడగడం, ముందుగా కొంత భాగం అందించడం: మొదటి నుంచి చివరి దాకా

"క్లయింట్‌ని ఇంకో వారం అడగాలి, మెయిల్ ఎలా రాయాలి?" అని అనువాద పనులు చేసేవాళ్లు తరచూ అడుగుతుంటారు. మెయిల్ నమూనా ఈ వ్యాసంలో ఉంది, కానీ అది ఐదో మెట్టు. ముందున్న నాలుగు మెట్లు ఎక్కకుండా రాసిన మెయిల్ ఎంత మర్యాదగా ఉన్నా క్లయింట్‌కు టెన్షన్ మాత్రమే మిగులుస్తుంది.

చాలామంది తమ దగ్గర పూర్తయిన భాగాన్ని ముందు ఇచ్చేసి, మిగతాదానికి గడువు అడుగుతారు. నేను చెప్పేది వేరు. మన తర్వాత ఆ ఫైలు ఎవరి చేతికి వెళుతుందో, వాళ్లు ఏ భాగంతో పని మొదలుపెట్టగలరో చూసి ఆ భాగం ముందు ఇవ్వాలి. మనకు పూర్తయినదీ, వాళ్లకు కావలసినదీ చాలాసార్లు ఒకటి కాదు.

అన్ని మెట్లకూ ఒకే ఉదాహరణ తీసుకుంటాను. హైదరాబాద్‌లోని ఒక డ్రిప్ ఇరిగేషన్ పరికరాల కంపెనీ తన డీలర్ల కోసం ఇంగ్లిష్ మాన్యువల్‌ని తెలుగు చేయిస్తోందనుకుందాం. తొమ్మిది అధ్యాయాలు, ఒక్కోటి సుమారు 4,000 పదాలు, మొత్తం 36,000. ఇద్దరు అనువాదకులు, ఒక పరిశీలకురాలు. పని 2వ తేదీ సోమవారం మొదలైంది. 14వ తేదీ శనివారం ఫైళ్లు ఇవ్వాలి. అనంతపురంలో డీలర్ల శిక్షణ 26న. ఆదివారం సెలవు.

5వ తేదీ రాత్రి అనువాదకుల్లో ఒకరికి జ్వరం వచ్చింది.

## 1. గడువు దాటుతుందో లేదో లెక్క వేయండి

"కష్టమేమో" అన్న అనుమానంతో క్లయింట్‌కు ఫోన్ చేయకండి. "ఎలాగో అయిపోతుందిలే" అని ఊరుకోకండి. కాగితం తీసుకుని రోజువారీ లెక్క రాయండి.

మన ఉదాహరణలో ఇద్దరూ కలిసి రోజుకు 4,000 పదాలు చేస్తున్నారు. 5వ తేదీ సాయంత్రానికి 16,000 పదాలు, అంటే మొదటి నాలుగు అధ్యాయాల అనువాదం అయింది. పరిశీలన ఒక రోజు వెనక నడుస్తోంది. 6వ తేదీ నుంచి ఒక్కరే పనిచేస్తే రోజుకు 2,000. మిగిలినవి 20,000 పదాలు, అంటే పది పనిదినాలు. అనువాదం 17కి ముగుస్తుంది. 18న చివరి పరిశీలన, 19న మొత్తం ఒకసారి చదవడం. చేతిలో ఒక రోజు ఉంచుకుంటే 20వ తేదీ.

ఈ లెక్కలో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. జ్వరం వచ్చినవారు ఎప్పుడు తిరిగి వస్తారో తెలియదు కాబట్టి వారిని లెక్కలోంచి పూర్తిగా తీసేశాం. తొందరగా వస్తే మంచిదే, కానీ వస్తారన్న ఆశతో తేదీ చెప్పకూడదు. ఇక పరిశీలకురాలికి ఇప్పుడు సగం రోజు ఖాళీ ఉంటుంది కదా, ఆమె చేత అనువాదం చేయిస్తే అన్న ఆలోచన వస్తుంది. అలా చేస్తే తను రాసినదాన్ని తనే సరిచూసుకోవాలి. నీళ్లలో కలిపే ఎరువు మోతాదులు, పీడనం అంకెలు ఉండే మాన్యువల్‌కు ఇది సరైన పద్ధతి కాదని నా అభిప్రాయం.

లెక్క తప్పిందని తెలిసిన మర్నాడే క్లయింట్‌కు చెప్పాలి. ఇక్కడ 6న లెక్క తేలింది, 7న చెప్పాలి. అప్పటికి గడువు ఇంకా వారం ఉంది. ఆ వారంలో క్లయింట్ తన ప్రెస్‌తో, డిజైనర్‌తో మాట్లాడుకోగలడు. 13 సాయంత్రం చెబితే ఆ అవకాశం ఉండదు.

## 2. మీ తర్వాత ఎవరి పని ఉందో కనుక్కోండి

మీకిచ్చిన గడువు వెనక ఇంకో గడువు ఉంటుంది. అసలు కదలనిది అదే. మన ఉదాహరణలో 14వ తేదీకి దానంతట దానికి ప్రాముఖ్యం లేదు, 26న జరిగే శిక్షణకు ఉంది. 14కీ 26కీ మధ్య ఏం జరుగుతుందో తెలియకుండా ఏ భాగం ముందివ్వాలో తేల్చలేరు.

పని మొదట్లోనే అడిగి ఉంటే మంచిది. అడగకపోతే ఇప్పుడు మామూలుగా అడగండి:

- ఫైళ్లు మేం ఇచ్చాక ముందు ఎవరి దగ్గరకు వెళ్తాయి?
- పేజీలు పెట్టడానికి వాళ్లకు ఎన్ని రోజులు పడుతుంది? ప్రెస్‌లో ఎన్ని రోజులు?
- శిక్షణలో ఏ అధ్యాయాలు చెబుతారు?
- ఏ తేదీ అసలు మార్చడానికి వీల్లేదు?

జవాబులు ఇలా వచ్చాయనుకుందాం. పేజీ డిజైన్‌కు నాలుగు రోజులు, 16 నుంచి 19 వరకు. అచ్చుకు నాలుగు పనిదినాలు, 20 నుంచి 24 వరకు. 25న పుస్తకాలు అనంతపురం చేరాలి. మీరు అంతా కలిపి 20న ఇస్తే డిజైన్ 25 దాకా సాగుతుంది, అచ్చు మొదలయ్యే సరికి శిక్షణ వచ్చేస్తుంది. కాబట్టి "ఆరు రోజులు ఇవ్వండి" అని మాత్రమే అడిగితే క్లయింట్ ఒప్పుకోలేడు. ఆయనకు మంచి మనసు లేక కాదు, వీలు లేక.

ఇంకో జవాబు కూడా వచ్చింది. శిక్షణలో వాడేది భద్రత (1), బిగింపు (3), నడపడం (4), రోజువారీ నిర్వహణ (5), సమస్యలు, పరిష్కారాలు (8). విడిభాగాల జాబితా (6), సాంకేతిక పట్టికలు (7), వారంటీ (9) డీలరు షాపులో పెట్టుకుని అవసరమైనప్పుడు చూసుకునేవి. దారి దొరికేది ఇక్కడే.

## 3. ముందు ఇచ్చే భాగాన్ని ఎంచుకోండి

వరుసలో పోతే 5 తర్వాత 6వ అధ్యాయం చేయాలి. అలా చేస్తే 14 నాటికి విడిభాగాల జాబితా సిద్ధంగా ఉంటుంది, శిక్షణకు కావలసిన 8వ అధ్యాయం ఉండదు. అందుకని వరుస మార్చాలి: 5, 8, ఆ తర్వాత 6, 7, 9.

ఇప్పుడు లెక్క చూడండి. 5, 8 కలిపి 8,000 పదాలు. ఒక్కరు చేస్తే 6, 7, 9, 10 తేదీల్లో అయిపోతాయి. 11న పరిశీలన, 12న చివరి చదువు, 13 చేతిలో ఉంచుకున్న రోజు. శిక్షణకు కావలసిన ఐదూ, ఎలాగూ అనువాదం అయిపోయిన 2వదీ కలిపి 14న ఆరు అధ్యాయాలు (1, 2, 3, 4, 5, 8) ఇవ్వొచ్చు. అది పాత గడువే. మిగతా మూడూ 20న.

క్లయింట్ వైపు చూస్తే, ఆరు అధ్యాయాల డిజైన్‌కు మూడు రోజులు చాలు: 16, 17, 18. అచ్చు 19, 20, 21, 23. శిక్షణకు మూడు రోజుల ముందే పుస్తకం సిద్ధం. మిగతా మూడు అధ్యాయాలు రెండో పుస్తకంగా తర్వాత డీలర్లకు వెళ్తాయి, లేదా శిక్షణ నాటికి పీడీఎఫ్‌గా ఇస్తారు. రెండు పుస్తకాలంటే ఇంకో అట్ట, ఇంకో బైండింగ్ ఖర్చు. ఆ మాట మీరే ముందు చెప్పండి. క్లయింట్ తర్వాత కనిపెట్టే పరిస్థితి తేకండి.

ముందు ఇచ్చే భాగం సరైనదేనా అని ఇలా చూసుకోండి:

- [ ] మిగతా భాగం లేకపోయినా దీనితో ఎవరో ఒకరు పని మొదలుపెట్టగలరు.
- [ ] ఇది అనువాదం, పరిశీలన, చివరి చదువు మూడూ పూర్తయిన భాగం.
- [ ] రెండో భాగం వచ్చాక దీన్ని మళ్లీ తెరవాల్సిన అవసరం లేదు.
- [ ] పాత గడువు రోజుకో, అంతకు ముందో చేరుతుంది.

మూడోదాని దగ్గర చాలామంది దెబ్బతింటారు. ముందు ఇచ్చే ఆరు అధ్యాయాల్లో నీటిని చుక్కలుగా వదిలే భాగాన్ని "డ్రిప్పర్" అని రాసి, 7వ అధ్యాయం పట్టికల దగ్గరికి వచ్చాక "ఎమిటర్" బాగుంటుందని అనిపించిందనుకోండి. అప్పటికి మొదటి పుస్తకం ప్రెస్‌లో ఉంటుంది. కాబట్టి భాగాలుగా ఇచ్చే పనిలో పదాల పట్టికను మొదటి భాగంతో పాటే ముగించాలి. మిగతా మూడు అధ్యాయాలను అనువదించకపోయినా, వాటిలోని పరికరాల పేర్లన్నీ ఒకసారి చదివి పట్టికలో చేర్చి, పరిశీలకురాలి చేత ఖాయం చేయించండి. దీనికి ఒక పూట పడుతుంది. 13వ తేదీని ఖాళీగా ఉంచింది కొంతవరకు ఇందుకే.

## 4. ఒప్పందం ఒకసారి తీసి చదవండి

ఫోన్ చేసే ముందు వర్క్ ఆర్డర్ చూడండి. ఆలస్యానికి రోజుకు ఇంత శాతం కోత అని ఉందా, భాగాలుగా ఇవ్వడం గురించి ఏమైనా ఉందా, మార్పులు లిఖితపూర్వకంగా ఉండాలన్న షరతు ఉందా చూసుకోవాలి.

భారత ఒప్పంద చట్టం, 1872లో రెండు సెక్షన్లు ఇక్కడ పనికొస్తాయి. 63వ సెక్షన్ ప్రకారం గడువు పెంచే వీలు పని చేయించుకునేవారికి ఉంది. మీరు మెయిల్ పంపినంత మాత్రాన గడువు పెరగదు, వారి అంగీకారం రావాలి. 55వ సెక్షన్ ప్రకారం, గడువే ముఖ్యమన్న ఉద్దేశంతో చేసుకున్న ఒప్పందంలో గడువు దాటితే దాన్ని రద్దు చేసుకునే హక్కు వారికి వస్తుంది. రద్దు చేయకుండా ఆలస్యంగా ఇచ్చినదాన్ని తీసుకుంటే, తీసుకునే సమయంలోనే నోటీసు ఇస్తే తప్ప ఆ ఆలస్యానికి పరిహారం అడగలేరు. పెద్ద మొత్తం పని అయితే, కోత షరతు ఉంటే, లాయర్‌ను అడగండి. మామూలు పనులకు "సరే, 20న ఇవ్వండి" అన్న ఒక్క జవాబు మెయిల్ చాలా గొడవలు తప్పిస్తుంది.

## 5. ముందు ఫోన్, ఆ వెంటనే మెయిల్

మొదటి మాట ఫోన్‌లోనే చెప్పండి. ఇలాంటి వార్త వాట్సాప్‌లో చదివితే అవతలివారు ముందు తమ పైవాళ్లకు ఏం చెప్పాలా అని కంగారు పడతారు. ఫోన్‌లో అయితే వెంటనే ప్రశ్నలు అడుగుతారు, మీ దగ్గర జవాబులు ఉన్నాయి.

ఫోన్‌లో చెప్పే వరుస ఇది: ఏ తేదీ మారుతోంది, 14న ఏం చేరుతుంది, దానితో శిక్షణకు ఇబ్బంది ఎందుకు ఉండదు, మిగతాది ఎప్పుడు, వారి నుంచి ఏం కావాలి. కారణం ఒక్క వాక్యంలో. కొందరు జ్వరం దగ్గర మొదలుపెట్టి, డెంగీ టెస్టు, ప్లేట్‌లెట్ల దాకా వెళ్లిపోతారు. వినేవారు సానుభూతి చూపిస్తారు గానీ, వాళ్ల మనసంతా 26వ తేదీ మీదే ఉంటుంది. ముందు ఆ బెంగ తీర్చండి.

"సార్, నమస్తే. మాన్యువల్ గురించి ఒక మార్పు చెప్పాలి. మొత్తం తొమ్మిది అధ్యాయాలూ 14న ఇవ్వలేకపోతున్నాం. శిక్షణకు కావలసినవన్నీ ఉన్న ఆరు అధ్యాయాలు మాత్రం 14నే ఇస్తాం, మిగతా మూడు 20న. దీనివల్ల 26న శిక్షణకు పుస్తకం అందుతుందని లెక్క వేసుకున్నాం. ఒకసారి తేదీలు చెప్పమంటారా?"

ఆ తర్వాత గంటలోపు మెయిల్ వెళ్లాలి. ఇంగ్లిష్‌లో రాసినా ఇదే వరుస పాటించండి.

> విషయం: డీలర్ మాన్యువల్: 14న ఆరు అధ్యాయాలు, 20న మూడు అధ్యాయాలు. మీ అంగీకారం కోసం
>
> నమస్తే సార్,
>
> ఇందాక ఫోన్‌లో చెప్పినట్టు, మా అనువాదకుల్లో ఒకరు అనారోగ్యంతో 6వ తేదీ నుంచి పనిలో లేరు. అందువల్ల మొత్తం పని 14కి పూర్తికాదు. ఇబ్బంది కలిగిస్తున్నందుకు క్షమించండి.
>
> 14, శనివారం: 1, 2, 3, 4, 5, 8 అధ్యాయాలు. పరిశీలన పూర్తయినవి, నేరుగా డిజైన్‌కు పంపవచ్చు. శిక్షణలో వాడేవన్నీ ఇందులో ఉన్నాయి.
>
> 20, శుక్రవారం: 6, 7, 9 అధ్యాయాలు.
>
> ఈ తేదీల ప్రకారం మొదటి ఆరు అధ్యాయాల డిజైన్ 18కి, అచ్చు 23కి పూర్తవుతాయని అంచనా. మిగతా మూడింటిని రెండో పుస్తకంగా వేయాల్సి వస్తుంది, దానికి విడిగా అట్ట, బైండింగ్ ఖర్చు ఉంటుంది. అలా కాకుండా ఒకే పుస్తకం కావాలంటే శిక్షణకు మొదటి ఆరు అధ్యాయాలను ప్రింటౌట్లుగా ఇచ్చి, పుస్తకం తర్వాత వేయవచ్చు.
>
> డిజైనర్ గారు పేజీల కొలతలు చూసుకోవడానికి పూర్తయిన 1వ అధ్యాయం ఈ మెయిల్‌తోనే పంపుతున్నాను.
>
> రెండింటిలో ఏది వీలో సోమవారం (9వ తేదీ) సాయంత్రంలోగా తెలియజేస్తే దాని ప్రకారం ముందుకు వెళ్తాం.

మెయిల్‌తో పాటు పంపిన ఆ ఒక్క అధ్యాయం చాలా పని చేస్తుంది. క్లయింట్‌కు పని నిజంగా నడుస్తోందని కనిపిస్తుంది. అంతకంటే ముఖ్యంగా, తెలుగు అక్షరాలతో వచ్చే చిక్కులు వారం ముందే బయటపడతాయి. పేజీలు పెట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే అమరిక ఎంచుకోకపోతే ఒత్తులు, గుణింతాలు విడిపోయి కనిపిస్తాయి. డిజైనర్ యూనికోడ్ కాని పాత "అను" ఫాంట్లతో పనిచేసే అలవాటున్నవారైతే యూనికోడ్ ఫైలు నేరుగా అందులో కుదరదు, మార్చుకోవాలి. ఇవి 16న తెలిస్తే ఒక రోజు పోతుంది, 9న తెలిస్తే ఏమీ పోదు.

## 6. మొదటి భాగాన్ని పంపే పద్ధతి

భాగంగా ఇస్తున్నాం కదా అని చిత్తుప్రతి పంపకూడదు. "ఇప్పటికి ఇది చూడండి, తర్వాత సరిచేసి ఇస్తాం" అన్న మాటతో వెళ్లిన ఫైలును డిజైనర్ పేజీల్లో పెట్టేస్తారు. ఆ తర్వాత మీ సవరణలు ఒక్కొక్కటి పేజీలో వెతికి మార్చడం వాళ్లకు నరకం. పరిశీలన పూర్తి కాని అధ్యాయం ఉంటే అది ఆపి, ఐదే ఇవ్వండి.

పంపే ముందు:

- [ ] ఫైలు పేరులోనే అధ్యాయాలు, తేదీ కనిపించాలి. ఉదాహరణకు `Part1_Ch01-05_Ch08_14.docx`. పేరులో "ఫైనల్" అని రాస్తే, తర్వాత "ఫైనల్ 2" రాక తప్పదు.
- [ ] ఇంకా రాని అధ్యాయాలను సూచించే వాక్యాలన్నీ గుర్తించాలి. 5వ అధ్యాయంలో "7వ అధ్యాయంలోని పట్టిక చూడండి" అని ఉంటే, రెండు పుస్తకాలు అయినప్పుడు అది "రెండో పుస్తకంలోని పట్టిక" అవుతుంది. వీటిని జాబితాగా ఇవ్వండి.
- [ ] బొమ్మల మీద ఉండే పేర్లు విడి ఫైలులో ఇచ్చారా చూడాలి. ఇవి మరిచిపోవడం మామూలు.
- [ ] ఖాయమైన పదాల పట్టిక జతచేయాలి.
- [ ] ఇందులో ఏమున్నాయి, ఏం లేవు, అవి ఎప్పుడొస్తాయి అన్నది మెయిల్‌లో మూడు వాక్యాల్లో ఉండాలి.

## 7. క్లయింట్ ఒప్పుకోకపోతే

"రెండు పుస్తకాలు కుదరదు, మా ఎండీ గారు ఒకే పుస్తకం అన్నారు" అనవచ్చు. వాదించకండి. మొత్తం 14కే కావాలంటే ఏం చేయగలమో లెక్క చెప్పండి. మిగతా 12,000 పదాలను బయటి అనువాదకుడికి ఇవ్వాలి, ఆ ఖర్చు మీరే భరించాలి. ఆలస్యం మీ వైపు నుంచి వచ్చింది కాబట్టి అది క్లయింట్ మీద వేయడం న్యాయం కాదు. అయితే కొత్తవారు పదాల పట్టికకు అలవాటు పడాలి, పరిశీలన పెరుగుతుంది. ఒక రోజు అటూ ఇటూ కావచ్చని ముందే చెప్పండి.

ఆలస్యానికి మూలం క్లయింట్ వైపు ఉంటే లెక్క వేరు. మధ్యలో 7వ అధ్యాయం పట్టికలు మార్చి కొత్తవి పంపారనుకోండి, అవి ఏ తేదీన వచ్చాయో, ఎన్ని పదాలు పెరిగాయో మెయిల్‌లో రాయండి. నింద వేసే మాట ఒక్కటీ లేకుండా, తేదీ, పదాల సంఖ్య మాత్రమే. అవే సరిపోతాయి.

ఇంకో సందర్భంలో క్లయింట్ "సరే, కానీ ఫీజు తగ్గించండి" అంటారు. వెంటనే ఒప్పుకోకండి, కాదనకండి. మొదటి భాగం పాత గడువుకే వెళుతోంది కాబట్టి, తగ్గింపు మాట వస్తే అది 20న ఇచ్చే మూడు అధ్యాయాలకే వర్తించాలని చెప్పండి. పని భాగాలుగా ఇచ్చినప్పుడు బిల్లు కూడా భాగాలుగా వేయవచ్చా అన్నది ముందే అడగాలి. కొన్ని కంపెనీల అకౌంట్స్ విభాగం ఒక వర్క్ ఆర్డర్‌కు ఒకే బిల్లు తీసుకుంటుంది.

## 8. తరచూ జరిగే పొరపాట్లు, సరిచేసుకునే దారి

"కొంచెం టైం కావాలి" అనడం. క్లయింట్ దాన్ని ఒక రోజు అనుకుంటారు. తేదీ, వారం పేరు రెండూ చెప్పండి. ఇప్పటికే అలా అనేసి ఉంటే, ఈ రోజే ఇంకో మెయిల్‌లో తేదీ ఇవ్వండి.

"80 శాతం అయిపోయింది" అనడం. దీనితో ఎవరూ ఏమీ చేసుకోలేరు. అనువాదం అయినవి ఎన్ని, పరిశీలన అయినవి ఎన్ని అని అధ్యాయాల సంఖ్యలతో చెప్పండి.

తక్కువ రోజులు అడగడం. ఆరు రోజులు కావలసిన చోట మొహమాటానికి మూడు అడిగేవారు ఎక్కువ. అప్పుడు 17న మళ్లీ అడగాల్సి వస్తుంది. మొదటిసారి ఆరు రోజులు అడిగితే క్లయింట్ తేదీలు సర్దుకుంటారు. రెండోసారి అడిగితే మీ తేదీలనే నమ్మరు.

జవాబు రాకపోయినా ఒప్పుకున్నారనుకోవడం. 9వ తేదీ సాయంత్రానికి మెయిల్‌కు జవాబు లేకపోతే 10 ఉదయం ఫోన్ చేయండి. మాట ఫోన్‌లోనే ఇస్తే "మీరు చెప్పినట్టు రెండు పుస్తకాల పద్ధతిలో వెళ్తున్నాం" అని మీరే మెయిల్ పెట్టండి.

సులువైన భాగం ముందు చేసి ఇవ్వడం. వారంటీ అధ్యాయం తేలిక, త్వరగా అవుతుంది. దాన్ని 14న చేర్చి ఏడు అధ్యాయాలు ఇచ్చామని చూపించాలనిపిస్తుంది. దానికి పెట్టిన సమయం 8వ అధ్యాయం నుంచి పోతుంది.

## 9. 14 నుంచి 20 వరకు

మొదటి భాగం ఇచ్చాక చాలా బృందాలు కాస్త వదులవుతాయి. ఈ వారంలోనే డిజైనర్ నుంచి ప్రశ్నలు వస్తాయి: ఈ వాక్యం పట్టడం లేదు, ఇక్కడ బొమ్మకు పేరు లేదు అని. వాటికి జవాబిచ్చే పని ఎవరిదో ముందే చెప్పి ఉంచండి. ఉన్న ఒక్క అనువాదకుడి మీద పెడితే రోజుకు 2,000 పదాలు కాస్తా 1,500 అవుతాయి, 20వ తేదీ కూడా జారుతుంది. పరిశీలకురాలికి సగం రోజు ఖాళీ ఉందన్నాం కదా, ఆ ఖాళీ ఇందుకు వాడుకోండి.

మొదటి భాగంలో తప్పు కనిపిస్తే ఫైలు మొత్తం మళ్లీ పంపకండి. పేజీ, పాత వాక్యం, కొత్త వాక్యం అన్న మూడు గడుల పట్టికలో పంపండి. అది 18వ తేదీ లోపే వెళ్లాలి, 19న ప్రెస్ మొదలవుతుంది. ఆ తర్వాత కనిపించినవి, భద్రతకు సంబంధించినవి కాకపోతే, తర్వాతి ముద్రణకు రాసి పెట్టుకోండి. ఎరువు మోతాదు, పీడనం లాంటి అంకెలో తప్పు ఉంటే మాత్రం ఏ సమయమైనా ఫోన్ చేయండి.

17 సాయంత్రం ఒకసారి లెక్క చూసుకోండి. అనువాదం ముగిసి ఉంటే క్లయింట్‌కు ఒక వాక్యం చాలు: "మూడు అధ్యాయాలు పరిశీలనలో ఉన్నాయి, 20న అందుతాయి." ముగియకపోతే అదే రోజు చెప్పండి, ఈసారి కొత్త తేదీ అడగకుండా 20న 6, 7 ఇచ్చి, 9వ అధ్యాయాన్ని బయటివారి చేత మీ ఖర్చుతో చేయిస్తున్నామని చెప్పండి. 20న ఫైళ్లు పంపేటప్పుడు తొమ్మిది అధ్యాయాలనూ వరుసలో కలిపి, మొదటి భాగంలో జరిగిన సవరణలన్నీ చేర్చిన పూర్తి ప్రతి ఒకటి కూడా ఇవ్వండి. వచ్చే ఏడాది ఒకే పుస్తకంగా వేయాలనుకున్నప్పుడు వాళ్లు వెతుక్కునేది ఆ ఫైలునే.